ఏఎన్ఏ పాజిటివ్... ఇంతకీ ఏ ప్యాటర్న్?

ఇద్దరు మహిళల రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇవి ఊహించుకున్న ఉదాహరణలే గానీ, కీళ్లవాత నిపుణులకు ఇలాంటివి కొత్తేమీ కాదు. ఇద్దరికీ ఏఎన్ఏ పాజిటివ్. ఇద్దరికీ టైటర్ 1:320. మొదటామె రిపోర్టులో ‘హోమోజీనియస్, ఏసీ-1’ అని ఉంది. రెండో ఆమెది ‘డెన్స్ ఫైన్ స్పెకిల్డ్, ఏసీ-2’. మొదటామెకు లూపస్ ఉందని తేలింది. రెండో ఆమెకు అలాంటి జబ్బేమీ లేదు. ఒకే పరీక్ష, ఒకే అంకె. తేడా ఎక్కడుంది?

యాంటీబాడీలు మామూలుగా బయటినుంచి వచ్చే క్రిముల మీద పనిచేయాలి. కొందరిలో అవి సొంత కణాల కేంద్రకంలో ఉండే పదార్థాల మీదికే వెళ్తాయి. వాటినే యాంటీ న్యూక్లియర్ యాంటీబాడీలు, పొట్టిగా ఏఎన్ఏ అంటారు. లూపస్, షోగ్రెన్స్, స్క్లెరోడెర్మా వంటి జబ్బులను అనుమానించినప్పుడు డాక్టర్లు ఈ పరీక్ష రాస్తారు. దీన్ని చేసే పద్ధతుల్లో కణాలను కంటితో చూసి చెప్పేది ఇమ్యునోఫ్లోరొసెన్స్. రిపోర్టులో ‘ఐఎఫ్’ లేదా ‘ఐఐఎఫ్’ అని ఉంటే ఈ పద్ధతిలో చేశారన్నమాట.

ఇందుకు హెప్-2 అనే మానవ కణాలు కావాలి. క్యాన్సర్ కణితి నుంచి వచ్చి, ల్యాబుల్లో తరతరాలుగా పెరుగుతున్న కణాలివి. వాటిని గాజు స్లయిడ్ మీద చిన్న చిన్న గుండ్రటి గడుల్లో అతికించి అమ్ముతారు. టెక్నీషియన్ రోగి సీరాన్ని పలుచన చేసి, 25-30 మైక్రోలీటర్లు, అంటే చుక్క కంటే తక్కువ, ఒక గడిలో వేస్తారు. సుమారు అరగంట ఉంచి కడిగేస్తారు. సీరంలో ఏఎన్ఏ ఉంటే అది ఈపాటికి కణాల కేంద్రకాలను పట్టుకుని ఉంటుంది, కడిగినా పోదు. కానీ అది కంటికి కనిపించదు. అందుకని మనిషి యాంటీబాడీలను పట్టుకునే మరో యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించి పైన వేస్తారు. మళ్లీ అరగంట ఉంచి, కడిగి, చీకటి గదిలో ఫ్లోరొసెన్స్ మైక్రోస్కోప్ కింద పెడతారు. ఏఎన్ఏ ఎక్కడ అంటుకుందో అక్కడ ఆకుపచ్చ మెరుపు కనిపిస్తుంది. పక్క గడుల్లో కచ్చితంగా పాజిటివ్ అని తెలిసిన సీరం ఒకటి, నెగెటివ్ అని తెలిసింది ఒకటి ఉంటాయి. అవి సరిగ్గా రాకపోతే ఆ స్లయిడ్ ఫలితమే చెల్లదు. మధ్యలో గడి ఆరిపోయినా, సరిగ్గా కడగకపోయినా అంతటా మసక పచ్చదనం పరుచుకుని తప్పుదోవ పట్టిస్తుంది.

ఇప్పుడు టైటర్ సంగతి. చాలా ల్యాబులు 1:80 లేదా 1:100 పలుచనతో మొదలుపెడతాయి. మెరుపు కనిపిస్తే సీరాన్ని మరింత పలుచన చేస్తూ, అది ఏ దశ దాకా నిలుస్తుందో చూస్తారు. 1:320 అంటే అంత పలుచన చేసినా మెరుపు కనిపించిందని అర్థం. రెండో అంకె పెరిగేకొద్దీ యాంటీబాడీలు ఎక్కువ ఉన్నట్టు. అయితే ఎక్కువ ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. 1997లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో ఆరోగ్యవంతుల సీరాలనే పరీక్షించారు. 1:40 దగ్గర దాదాపు 32 శాతం, 1:80 దగ్గర 13 శాతం, 1:160 దగ్గర 5 శాతం, 1:320 దగ్గర 3 శాతం మంది పాజిటివ్‌గా తేలారు. లూపస్ వర్గీకరణకు 2019లో యూరప్, అమెరికా రుమటాలజీ సంస్థలు కలిసి ఇచ్చిన నియమావళిలో కూడా 1:80 పాజిటివ్ తొలి గడప మాత్రమే. లక్షణాలు, ఇతర పరీక్షలు కలిసొస్తేనే లూపస్ కింద లెక్క.

మరి ఆ ఇద్దరినీ వేరుచేసింది ప్యాటర్న్, అంటే మెరుపు పరుచుకున్న తీరు. దాన్ని చదివేవారు మొదట మామూలు కణాల కేంద్రకాలను చూస్తారు. ఆ తర్వాత స్లయిడ్ మీద అక్కడక్కడ విభజనలో ఉన్న కణాలను వెతుకుతారు. అసలు కీలకం వీటిలోనే ఉంటుంది. విభజన మధ్యలో క్రోమోజోములన్నీ కణం నడుమకు చేరి అడ్డంగా ఒక పట్టీలా బారులు తీరతాయి. ఆ పట్టీ మెరుస్తోందా లేదా అన్నది చూడాలి.

కేంద్రకంలో సన్నటి రవ్వలు మెరుస్తూ, పట్టీ మాత్రం చీకటిగా ఉంటే అది ఫైన్ స్పెకిల్డ్, ఏసీ-4. షోగ్రెన్స్‌లో కనిపించే రో, లా యాంటీబాడీలు ఈ కోవలోవి. కేంద్రకంలో విడివిడి చుక్కలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉండి, విభజన కణంలో అవే చుక్కలు నడుమ బారుగా నిలిస్తే సెంట్రోమియర్, ఏసీ-3. ఇది స్క్లెరోడెర్మాలో ఒక రకాన్ని గట్టిగా సూచిస్తుంది. ఈ ఏసీ నంబర్లు ల్యాబుకో పేరు పెట్టకుండా, అందరూ ఒకే భాషలో రాయడానికి పెట్టుకున్నవి. 2014లో బ్రెజిల్‌లోని సావోపాలోలో మొదలైన అంతర్జాతీయ ప్రయత్నం ఫలితమవి.

మన ఇద్దరి స్లయిడ్లలోనూ పట్టీ మెరిసింది. అందుకే వాటి మధ్య పొరపాటు సులువు. కానీ మొదటామె కేంద్రకాల్లో మెరుపు అంచు నుంచి అంచు దాకా నున్నగా ఉంది. రెండో ఆమె కేంద్రకాల్లో అది దట్టమైన రవ్వలుగా, ఎగుడుదిగుడుగా ఉంది. మొదటి రకం డీఎన్ఏ, దానితో ఉండే ప్రొటీన్ల మీద యాంటీబాడీలను సూచిస్తుంది. మొదటామెకు కీళ్ల వాపు, నోట్లో పుళ్లు ఉన్నాయి. డబుల్ స్ట్రాండెడ్ డీఎన్ఏ పరీక్ష పాజిటివ్ వచ్చింది, మూత్రంలో ప్రొటీన్ పోతోంది. రెండో ఆమెకు అలసట, ఒళ్లునొప్పులు తప్ప వేరే లక్షణాల్లేవు. మూత్రం బాగుంది. డీఎఫ్ఎస్70 యాంటీబాడీ ఒక్కటే పాజిటివ్, మిగతా వాటిలో ఏదీ రాలేదు. ఇలా అది ఒంటరిగా ఉన్నప్పుడు లూపస్ వంటి జబ్బు ఉండే అవకాశం తగ్గుతుంది. దానికి తోడు మరో యాంటీబాడీ ఉంటే మాత్రం ఆ భరోసా చెల్లదు.

ఈ పరీక్షకు గుడ్డి కోణాలూ ఉన్నాయి. స్లయిడ్ తయారీలో రో పదార్థం కొంత పోతే, ఆ యాంటీబాడీ ఉన్నా నెగెటివ్ రావచ్చు. కండరాల జబ్బులో కనిపించే జో-1 కేంద్రకం బయట, సైటోప్లాజంలో మెరుస్తుంది. ఆ సంగతి రాయకుండా ‘ఏఎన్ఏ నెగెటివ్’ అని వదిలేస్తే డాక్టర్‌కు చేరాల్సిన ఆచూకీ చేరదు. అందుకే లక్షణాలు బలంగా ఉంటే, నెగెటివ్ వచ్చినా డాక్టర్లు ఆయా యాంటీబాడీలను విడిగా చూపిస్తారు. ఇక ఇది కంటితో చదివేది గనుక ఒక ల్యాబులో 1:160, మరోచోట 1:320 రావడం మామూలే. దాన్ని జబ్బు పెరిగినట్టు చూడకూడదు.

కాబట్టి రిపోర్టు అందుకున్నప్పుడు పాజిటివ్ అన్న మాట దగ్గరే ఆగకండి. ఏ పద్ధతి, ఏ టైటర్, ఏ ప్యాటర్న్ అన్న మూడూ రాశారో లేదో చూడండి, లేకపోతే ల్యాబును అడగండి. పాజిటివ్ అని ఒకసారి తేలాక టైటర్ తగ్గిందేమోనని నెలనెలా ఏఎన్ఏ చేయించుకోవడం డబ్బు దండగ. జబ్బు ఎలా ఉందో చెప్పేవి లక్షణాలు, మూత్ర పరీక్ష, డాక్టర్ రాసే ఇతర పరీక్షలు.