బాణం మొన ఎటు? శేషాచలం ఆహారజాలంపై అపోహలు – వాస్తవాలు

హైస్కూలు పిల్లలు చార్టు మీద గీసిన శేషాచలం అడవి ఆహారజాలం ఫొటో ఒకటి నా ఫోనులో ఉంది. గడ్డి, నేరేడు, చెదలు, కుందేలు, దుప్పి, కణితి, అడవిపంది, అలుగు, ఎలుగుబంటి, రేచుకుక్క, రాబందు, చిరుత అన్నీ అందులో ఉన్నాయి. వాటి మధ్య అడ్డదిడ్డంగా బాణాలు. పెద్దవాళ్లు కూడా ఈ బొమ్మను చాలాసార్లు తప్పుగానే చదువుతారు. ఆ తప్పులు చార్టుతో ఆగవు, అడవి గురించి మనం చేసే డిమాండ్లలోకి కూడా వచ్చేస్తాయి.

అపోహ: చిరుత దుప్పి మీద పడుతుంది కాబట్టి బాణం చిరుత నుంచి దుప్పికి ఉండాలి.

బాణం వేటను చూపదు. తిండి ఎవరి ఒంట్లోకి చేరిందో చూపుతుంది. గడ్డి నుంచి దుప్పికి, దుప్పి నుంచి చిరుతకు పోవాలి. ఫొటోలో మొనలు మసకగా ఉంటే గడ్డి దగ్గర చూడండి. గడ్డి ఎండ సాయంతో తన తిండి తానే తయారుచేసుకుంటుంది, ఏ జంతువునూ తినదు. జంతువుల నుంచి గడ్డి వైపు బాణాలు వస్తున్నాయంటే బొమ్మ తిరగబడిందన్నమాట. చిరుత దగ్గర ఇందుకు సరిగ్గా వ్యతిరేకం: అన్నీ లోపలికి వచ్చేవే. చచ్చాక దాని కళేబరం పురుగులకు, సూక్ష్మజీవులకు పోతుంది గానీ ఆ బాణాన్ని చాలామంది గీయరు. గీసినా ఫొటోలో చార్టు అడుగుభాగం తెగిపోతే అది కనబడదు.

ప్రతి మెట్టులోనూ తిన్న తిండిలో ఎక్కువ భాగం ఆ జంతువు బతకడానికే, తిరగడానికే ఖర్చయిపోతుంది. పై మెట్టుకు చేరేది సుమారుగా పదో వంతు. అడవి నిండా గడ్డి ఉన్నా చిరుతలు కొన్నే ఉండటానికి కారణం ఇదే.

అపోహ: ఒక్క జీవి పోతే మొత్తం కూలిపోతుంది.

పరీక్ష పేపర్లో చాలామంది రాసే జవాబు ఇది. కొన్నిసార్లు నిజమవుతుంది, చాలాసార్లు కాదు. పోయిన జీవి నుంచి ఎవరికి బాణం పోతోందో, వాళ్లకు ఇంకెన్ని బాణాలు వస్తున్నాయో చూడాలి. ఫొటోలో చెదల మీద, చీమల మీద వేలు పెట్టి మూసేయండి. అలుగుకు పళ్లే లేవు. చీమలూ చెదలూ తప్ప దానికి వేరే తిండి లేదు, కాబట్టి అది బతకదు. ఎలుగుబంటికీ చెదలంటే ప్రాణమే, పుట్టలు తవ్వి పీల్చుకు తింటుంది. కానీ దానికి నేరేడు, రేగు, తేనె నుంచి కూడా బాణాలు వస్తున్నాయి. పండ్లు లేని నెలల్లో కష్టపడుతుంది, ఊళ్ల వైపు దిగినా దిగవచ్చు. కానీ వెంటనే అంతరించిపోదు. పోయింది అవే జీవులైనా ఇద్దరి గతీ ఒకటి కాలేదు.

అపోహ: చిరుతలు లేకపోతే దుప్పులకు హాయి, మనుషులకు నిశ్చింత.

2023లో అలిపిరి నడకదారిలో జరిగింది మన జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. జూన్‌లో ఏడో మైలు దగ్గర ఒక బాబును చిరుత ఎత్తుకుపోయి వదిలేసింది. ఆగస్టులో లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గర ఆరేళ్ల పాప ప్రాణం పోయింది. ఆ తర్వాత బోన్లు పెట్టి వరుసగా చిరుతల్ని పట్టారు. అన్నిటినీ పట్టేస్తే పీడ పోతుంది కదా అని అప్పట్లో చాలామంది అన్నారు. బిడ్డను పోగొట్టుకున్న ఇంటి బాధ ముందు ఏ లెక్కా నిలవదు. కానీ అన్నిటినీ పట్టేస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు ఈ బొమ్మలోనే వెతకాలి.

చిరుతను మూసేయండి. దుప్పి నుంచి రేచుకుక్కకు పోయే బాణం మిగిలే ఉంది, కాబట్టి దుప్పులకు వేట భయం పూర్తిగా పోదు. అయితే రేచుకుక్కలు గుంపుగా, ఎక్కువగా పగటిపూట, అడవి లోపల వేటాడతాయి. రాత్రిళ్లు అడవి అంచున శెనక్కాయ చేలల్లో, చెరకు తోటల్లో దిగే పందుల్నీ, ఊరి చివర తిరిగే కుక్కల్నీ పట్టేది చిరుతే. అంటే మన పొలాన్ని ఆనుకున్న బాణాలే ముందుగా తెగిపోతాయి. ముంబైలోని సంజయ్ గాంధీ జాతీయోద్యానం చుట్టూ చిరుతలు ఏటా సుమారు 1,500 వీధికుక్కల్ని తింటాయని, దానివల్ల దాదాపు వెయ్యి కుక్కకాట్లు తగ్గుతున్నాయని 2018లో పరిశోధకులు అంచనా వేశారు. ఆ అంకెలు తిరుపతికి అలాగే వర్తించవు, కానీ బాణం అదే.

పట్టుకుని దూరంగా వదిలేస్తే? మహారాష్ట్రలోని జున్నర్‌లో ఆ పని చేసి చూశారు. అంతకుముందు అక్కడ ఏటా సగటున 4 దాడులు జరిగేవి. చిరుతల్ని పెద్ద సంఖ్యలో తరలించిన 2001–2003 మధ్య అవి సగటున 17కు పెరిగాయి. చోటు తెలియని చిరుత కంగారుపడుతుంది, పాత చోటికి తిరిగి రావాలని చూస్తుంది. ఖాళీ అయిన చోటికి మరో చిరుత వస్తుంది.

అది ఎందుకు వస్తుందో చెప్పే బాణం మాత్రం పిల్లల చార్టులో లేదు. నడకదారి పక్కన పారేసిన అన్నం పొట్లాలు, చిప్స్ ప్యాకెట్లు, పండ్ల తొక్కలు కుక్కలకూ పందులకూ కోతులకూ మేత. వాటి వెంట చిరుత. మనం పారేసిన తిండి నుంచి కుక్కకు ఒక బాణం, కుక్క నుంచి చిరుతకు మరో బాణం గీస్తే గానీ ఆ దారి బొమ్మ పూర్తికాదు. దాడుల తర్వాత జంతువులకు తిండి పెట్టొద్దని, దుకాణాల చెత్త అక్కడ ఉంచొద్దని దేవస్థానం ఆంక్షలు పెట్టింది ఆ మొదటి బాణాన్ని తెంపడానికే.

అపోహ: బాణం వెంట తిండే పోతుంది.

విషం కూడా పోతుంది. ఒక జీవి దాదాపు మాయమైతే ఏమవుతుందో దేశమంతా చూసిన ఉదాహరణ రాబందులది. 1992 నుంచి 2007 లోగా తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. పశువుకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ సూదే ఇందుకు కారణమని 2004లో తేలింది. మందు వేసిన కొద్ది రోజుల్లోపే పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందుకు కిడ్నీలు పాడై చచ్చిపోయేది. నూటికి ఒక్క కళేబరంలో కూడా మందు ఉండక్కర్లేదు, అంతకన్నా తక్కువే సరిపోయిందని లెక్కలు చెప్పాయి. ఒక కళేబరం మీద పదుల కొద్దీ రాబందులు వాలతాయి కాబట్టి ఒక్క సూదితో గుంపు గుంపే పోయేది.

కళేబరం నుంచి కుక్కకూ కాకికీ బాణాలు అలాగే ఉన్నాయి కదా, వాళ్లు ఆ పని చేయరా అనిపిస్తుంది. కానీ రాబందులు గంటల్లో ఎముకలు మిగిల్చే పనిని కుక్కలు రోజుల తరబడి సాగదీస్తాయి, మాంసం కుళ్లిపోతుంది. పైగా కుక్కలు పెరిగి, వాటితో రేబిస్ ముప్పూ పెరిగింది. బాణం ఉంటే చాలదు, అది ఎంత లావో కూడా తెలియాలి. ఆ సంగతి మామూలు బొమ్మ చెప్పదు.

పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లో నిషేధించారు. అలాగే ప్రమాదకరమైన కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో ఆపారు. రాబందులకు హాని చేయదని పరీక్షల్లో తేలిన నొప్పిమందు మెలోక్సికామ్. ఆవుకు సూది వేయించేటప్పుడు డాక్టరును ఆ పేరుతోనే అడగవచ్చు. రాబందు ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డే, పిల్ల పెరిగి గూడు కట్టడానికి సుమారు ఐదేళ్లు పడుతుంది. అందుకే నిషేధం వచ్చి ఇన్నేళ్లయినా వాటి సంఖ్య తిరిగి పెరగలేదు.