ఇరుకు కవాటం, కారే కవాటం: చెవికి తెలిసే తేడా

గుండె ఎడమ జఠరిక ముడుచుకున్నప్పుడు రక్తం వెళ్లవలసిన దారి ఒకటే. అయోర్టిక్ కవాటం తెరుచుకుంటే బృహద్ధమనిలోకి పోవాలి. అదే సమయంలో వెనక ఉన్న మైట్రల్ కవాటం గట్టిగా మూసుకుని, ఎడమ కర్ణికలోకి ఒక్క చుక్క కూడా పోకుండా ఆపాలి. ముందరి తలుపు సరిగా తెరుచుకోకపోతే అది అయోర్టిక్ స్టెనోసిస్. వెనకటి తలుపు సరిగా మూతపడకపోతే అది మైట్రల్ రిగర్జిటేషన్. రెండింటిలోనూ రక్తం సుడులు తిరుగుతూ పోతుంది కాబట్టి చప్పుడు వస్తుంది. దాన్నే మర్మర్ అంటారు. రెండు చప్పుళ్లూ గుండె ముడుచుకునే వేళలోనే, అంటే 'లబ్'కీ 'డబ్'కీ మధ్యనే వినిపిస్తాయి. వాటిని విడదీసి చెప్పడం కష్టం కావడానికి మూలం ఇదే.

విడదీసే మొదటి ఆధారం చప్పుడు ఆకారం. జఠరికలో పీడనం పెరగడం మొదలవగానే మైట్రల్ కవాటం మూసుకుంటుంది. అదే 'లబ్'. కానీ అయోర్టిక్ కవాటం అప్పుడే తెరుచుకోదు. జఠరికలోని పీడనం బృహద్ధమనిలోని పీడనాన్ని దాటేదాకా, సెకనులో ఇరవయ్యో వంతు సేపు ఆగుతుంది. అందుకే అయోర్టిక్ మర్మర్ 'లబ్' తర్వాత చిన్న ఖాళీ ఇచ్చి మొదలవుతుంది. ప్రవాహం పెరిగే కొద్దీ పెరిగి, తగ్గే కొద్దీ తగ్గి, 'డబ్' కంటే ముందే ఆగిపోతుంది. మైట్రల్ లీకుకు ఆ ఆగుడు లేదు. జఠరికలో పీడనం 120 దాకా ఎక్కుతుంటే కర్ణికలో 10 చుట్టుపక్కలే ఉంటుంది. ఇంత తేడా ముడుచుకున్నంత సేపూ ఉంటుంది కాబట్టి 'లబ్'తోనే మొదలైన చప్పుడు 'డబ్' దాకా ఒకే తీరున సాగి, చాలాసార్లు ఆ 'డబ్'నే కప్పేస్తుంది. మొదటిది ఆకురాయితో ఇనుము రాసినట్టు గరుకుగా ఉంటే, రెండోది వేడి పాలను ఆపకుండా ఊదినట్టు ఉంటుంది.

రెండో ఆధారం చోటు. అయోర్టిక్ చప్పుడు ఛాతీ ఎముకకు కుడివైపు, రెండో పక్కటెముకకూ మూడో పక్కటెముకకూ మధ్య బాగా వినిపించి, అక్కడి నుంచి మెడలోని కెరోటిడ్ ధమనుల్లోకి పాకుతుంది. మైట్రల్ చప్పుడు గుండె కొన దగ్గర, అంటే ఎడమ చనుమొన కింద, గట్టిగా వినిపించి చంక వైపు పాకుతుంది. రోగిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడితే ఇంకా స్పష్టమవుతుంది. వైద్య విద్యార్థులు మొదటి రోజుల్లోనే నేర్చుకునే పాఠం ఇది. చాలామంది రోగుల్లో ఇది సరిపోతుంది. సరిపోని చోటే అసలు కథ మొదలవుతుంది.

ముసలివాళ్లలో అయోర్టిక్ కవాటపు రేకుల మీద సున్నం పేరుకుని అవి గట్టిపడతాయి. అలాంటి కవాటం నుంచి వచ్చే చప్పుడులో రెండు పాళ్లుంటాయి. గరుకు పాలు పైకి, మెడ వైపు పోతుంది. సన్నని పాలు కిందకు, గుండె కొన వైపు చేరుతుంది. అక్కడ అది గరుకుతనం పోగొట్టుకుని గువ్వ కూసినట్టు, ఒక్కోసారి సంగీతంలా మృదువుగా వినిపిస్తుంది. ఫ్రాన్స్‌లోని లియోన్ నగర వైద్యుడు లూయీ గల్లవర్దాన్ 1925లో ఈ సంగతిని వివరించాడు. అందుకే దీన్ని గల్లవర్దాన్ దృగ్విషయం అంటారు. గుండె కొన దగ్గర మాత్రమే స్టెతస్కోప్ పెట్టిన వైద్యుడు దాన్ని మైట్రల్ లీకు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. చోటు నమ్మి తప్పు చేయించే చప్పుడు ఇది.

ఒక ఉదాహరణ చూస్తే ఇది బాగా తెలుస్తుంది. 74 ఏళ్ల రైతు. ఆరు నెలలుగా పొలం దాకా నడిస్తే ఆయాసం, ఒకసారి గట్టు ఎక్కుతుంటే కళ్లు బైర్లు కమ్మి కూర్చుండిపోయాడు. ఊళ్లో చూసిన వైద్యుడు గుండె కొన దగ్గర చప్పుడు విని మైట్రల్ కవాటం కారుతోందని రాసి పంపాడు. వార్డులో పరీక్ష చేసేవారు వెంటనే స్టెతస్కోప్ అందుకోకుండా ముందు చెయ్యి పెట్టి చూస్తారు. మెడ మీది నాడి వేళ్లకు ఒక్క దెబ్బగా తగలడం లేదు. నెమ్మదిగా పైకి లేస్తోంది, బలహీనంగా ఉంది. సన్న సందులోంచి రక్తం సాగదీసుకుని వెళుతుంటే నాడి ఇలాగే ఉంటుంది. మైట్రల్ లీకులో నాడి చప్పున లేచి చప్పున పడుతుంది. గుండె కొన ఎక్కడ కొట్టుకుంటోందో చూస్తే, చోటు మారలేదు. అయితే అరచేతిని చాలాసేపు పైకి నెట్టి పట్టుకుంటోంది. దళసరి అయిన జఠరిక కష్టపడి తోస్తున్న గుర్తు అది. చాలాకాలంగా కారుతున్న మైట్రల్ కవాటం ఉంటే, ఎక్కువ రక్తం మోస్తూ సాగిన గుండె కొన ఎడమకూ కిందకూ జరిగి ఉండేది.

ఇప్పుడు స్టెతస్కోప్. కుడివైపు రెండో సందులో మొదలుపెట్టి, అంగుళం అంగుళం కొన వైపు జరుపుతూ వినాలి. ఈ రైతుకు పైన గరుకు చప్పుడు గట్టిగా ఉంది, మెడలో కూడా వినిపిస్తోంది. జరిపే కొద్దీ మధ్యలో చప్పుడు సన్నబడింది. కొన దగ్గర మళ్లీ పెరిగింది, కానీ స్వరం మారి కూసినట్టుగా ఉంది. ఇక్కడ మైట్రల్ లీకు కూడా ఉందా, లేక ఇది అదే అయోర్టిక్ చప్పుడు వేషం మార్చుకున్నదా? రెండో శబ్దం, అంటే 'డబ్', విన్నా పెద్దగా తేలదు. సున్నం పట్టిన రేకులు కదలవు కాబట్టి అయోర్టిక్ పాలు మృదువైపోయి, 'డబ్' బాగా తగ్గింది. అది తీవ్రమైన ఇరుకుకు ఒక గుర్తే. కానీ ఆ 'డబ్' వినిపించకపోతే, చప్పుడు దానికి ముందే ఆగిందో, దాన్ని కప్పేసిందో చెవి చెప్పలేదు.

ఇంతలో గుండె తనే సాయం చేసింది. రైతుకు అప్పుడప్పుడు ఒక దెబ్బ ముందుగా పడి, తర్వాత కాస్త పొడుగు విరామం వస్తోంది. ఆ విరామం తర్వాతి దెబ్బలో మర్మర్ రెండు చోట్లా, పైనా కొన దగ్గరా, స్పష్టంగా పెద్దదైంది. ఇది అయోర్టిక్ చప్పుడుకు బలమైన సాక్ష్యం. ఎందుకంటే ఆగిన సేపట్లో జఠరిక మరింత నిండుతుంది, తర్వాతి దెబ్బ మరింత బలంగా కొడుతుంది. ఇరుకు సందులోంచి ఎక్కువ రక్తం ఎక్కువ వేగంతో పోతే చప్పుడు పెరగక తప్పదు. మైట్రల్ లీకులో అలా జరగదు. అదే విరామంలో బృహద్ధమనిలోని పీడనం కొంత తగ్గి, ముందుకు పోయే దారి తేలికవుతుంది. పెరిగిన రక్తంలో ఎక్కువ భాగం ముందుకే వెళ్లిపోతుంది. వెనక్కి కారేది దాదాపు అంతే ఉంటుంది కాబట్టి చప్పుడు మారదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లలో దెబ్బల మధ్య వ్యవధి ఎప్పుడూ మారుతూనే ఉంటుంది. పొడుగు వ్యవధి తర్వాతి దెబ్బను, చిన్న వ్యవధి తర్వాతి దెబ్బతో పోల్చి వింటే ఇదే పరీక్ష దొరుకుతుంది. ఉన్న పరీక్షలన్నిటిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత నమ్మకమైనది మరొకటి అరుదు. ఓపికగా ఒక నిమిషం చెవి పెట్టి వినాలి, అంతే.

లయ సమంగా ఉన్నవాళ్లలో ఈ అవకాశం ఉండదు. అప్పుడు చేతి పట్టు పరీక్ష చేస్తారు. చుట్టిన బీపీ పట్టీనో, వైద్యుడి రెండు వేళ్లనో రోగి గట్టిగా పిసికి అర నిమిషం పట్టి ఉంచాలి. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు, మామూలుగా పీలుస్తూ ఉండాలి. ఈ శ్రమలో రక్తనాళాలు బిగుసుకుని బృహద్ధమనిలో పీడనం పెరుగుతుంది. ముందుదారి కష్టమైతే వెనక్కి కారేది పెరిగి మైట్రల్ చప్పుడు బలపడుతుంది. అయోర్టిక్ చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది, లేదా తగ్గుతుంది. రెండు చేతులకూ బీపీ పట్టీలు కట్టి, పై బీపీ కంటే 20 మిల్లీమీటర్లు ఎక్కువగా గాలి నింపి 20 సెకన్లు ఉంచడం ఇదే సూత్రం మీద నడిచే మరో పద్ధతి. తీవ్రమైన అయోర్టిక్ ఇరుకుతో సొమ్మసిల్లుతున్నవారి చేత గట్టి శ్రమ చేయించకపోవడమే మంచిది.

తారుమారు అయ్యేది ఒకవైపే కాదు. మైట్రల్ కవాటపు వెనక రేకు సాగి కర్ణికలోకి ఎగబాకినప్పుడు, కారే ధార ముందుకు తిరిగి, బృహద్ధమని పక్కనున్న కర్ణిక గోడను కొడుతుంది. అప్పుడు మైట్రల్ చప్పుడు పైకెక్కి, అయోర్టిక్ చోటులో వినిపిస్తుంది. ఒక్కోసారి మెడ దాకా వస్తుంది. ఈ రోగి నాడి చురుగ్గా ఉంటుంది, విరామం తర్వాత చప్పుడు పెరగదు. చోటు కంటే నాడీ, విరామం ఎక్కువ నిజం చెబుతాయి.

అయితే ఈ గుర్తులు దారితప్పే చోట్లూ ఉన్నాయి. ముసలితనంలో రక్తనాళాలు గట్టిపడితే తీవ్రమైన ఇరుకు ఉన్నా మెడ నాడి మామూలుగా లేచినట్టే అనిపిస్తుంది. చప్పుడు ఎంత గట్టిగా ఉందన్నది కూడా మోసగిస్తుంది. జఠరిక అలిసిపోయి రక్తాన్ని తోయలేకపోతే అతి తీవ్రమైన అయోర్టిక్ ఇరుకులోనూ మర్మర్ మెత్తబడుతుంది. చప్పుడు తగ్గిందని జబ్బు తగ్గిందనుకోవడం ప్రమాదం. తీవ్రత తెలియాలంటే శిఖరం ఎప్పుడొస్తోందో చూడాలి. ఇరుకు పెరిగే కొద్దీ చప్పుడు 'డబ్'కు దగ్గరగా జరిగి శిఖరాన్ని అందుకుంటుంది. గుండెపోటులో కవాటాన్ని పట్టుకున్న కండర స్తంభం తెగి మైట్రల్ కవాటం హఠాత్తుగా కారితే, సాగడానికి వీలు దొరకని చిన్న కర్ణికలో పీడనం వెంటనే ఎగబాకుతుంది. జఠరికకూ కర్ణికకూ మధ్య పీడన తేడా త్వరగా మాయమై, చప్పుడు పొట్టిగా, మెత్తగా ఉండి 'డబ్' కంటే ముందే ఆగిపోతుంది. రోగి మాత్రం ఊపిరాడక కొట్టుకుంటూ ఉంటాడు.

ఆ రైతుకు ఎకో చేస్తే అయోర్టిక్ కవాటపు సందు 0.7 చదరపు సెంటీమీటర్లు తేలింది. మామూలుగా అది 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది, 1 కంటే తగ్గితే తీవ్రం అంటారు. కవాటం రెండు వైపులా సగటు పీడన తేడా 52 మిల్లీమీటర్లు. మైట్రల్ కవాటం నుంచి కారేది చాలా తక్కువ. కొన దగ్గర కూసిన గువ్వ గల్లవర్దాన్ చెప్పినదే. ఆయనకు ఆయాసం, కళ్లు బైర్లు కమ్మడం తెచ్చింది అయోర్టిక్ కవాటమే కాబట్టి, మార్చవలసింది కూడా అదే.