చిన్నవాళ్ల దగ్గర పెద్దల పాఠం

1999లో అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్ అధిపతి జాక్ వెల్చ్ సుమారు 500 మంది ఉన్నతాధికారులకు ఒక పని అప్పగించారు. ఇంటర్నెట్ తెలిసిన చిన్న ఉద్యోగుల దగ్గర కూర్చుని దాన్ని నేర్చుకోవాలి. తానూ అలాగే నేర్చుకున్నారు. రివర్స్ మెంటరింగ్ అనే పద్ధతికి పేరు రావడం అప్పటినుంచే.

శిక్షణ తరగతి పెడితే సరిపోదా? పదిమందిలో, అందులోనూ తన కింద పనిచేసేవాళ్ల ముందు, "నాకు అర్థం కాలేదు" అనడం పెద్ద అధికారికి కష్టం. ఇద్దరే కూర్చుంటే ఆ మాట వస్తుంది.

ఒక మందుల పంపిణీ సంస్థ అనుకుందాం. సేల్స్ మేనేజరుకు ప్రతి సోమవారం ఎనిమిది మంది ప్రతినిధుల నుంచి ఎనిమిది ఎక్సెల్ ఫైళ్లు మెయిల్‌లో వస్తాయి. వాటిని కలపడానికే సగం రోజు పోతుంది. ఆయనకు నేర్పడానికి అకౌంట్స్ విభాగం నుంచి ఒక అమ్మాయిని ఇచ్చారు. సొంత విభాగంలో అమ్మాయిని ఇవ్వకపోవడమే మంచిది. తన ఇంక్రిమెంటు రాసే మనిషిని ఎవరూ ధైర్యంగా సరిదిద్దరు.

మొదటి రోజు ఆమె ఏమీ నేర్పలేదు, ఆయన పని చేసే తీరు చూసింది. రెండు వారాల తర్వాత, అందరూ ఒకేచోట నింపే గూగుల్ షీటు తెరిపించింది. ఆయనకు అసలు అడ్డు అప్పుడు బయటపడింది.

"ఎవరైనా నా లెక్క చెరిపేస్తే ఏంటమ్మా?"

"పాతది తెచ్చుకోవచ్చు సార్. మీరే ఒక అంకె చెరపండి."

చెరిపారు. File మెనూలో Version history తెరిచి, పాత షీటును ఆయన చేత్తోనే వెనక్కి తెప్పించింది. ఆయన్ని ఆపింది వయసు కాదు, లెక్క పోతుందన్న భయం. అది న్యాయమైన భయమే. తరగతిలో అయితే ఆ ప్రశ్న బయటికే వచ్చేది కాదు.

మౌసు పెద్దాయన చేతిలోనే ఉండాలి. "నువ్వే చేసిపెట్టు" అన్న రోజు నుంచి ఆ అమ్మాయి గురువు కాదు, జీతం పెరగని సహాయకురాలు. ఇంకొక దారి తప్పడం కూడా తరచూ జరుగుతుంది. పెద్దాయన తన అనుభవాలు చెప్పడం మొదలుపెడితే ముప్పావుగంట అలాగే గడిచిపోతుంది.

పని జరిగిందా లేదా అన్నది షీటు చూస్తే తెలియదు, ఫోను చూస్తే తెలుస్తుంది. షీటులో అంకె ఉన్నా మేనేజరు సోమవారం ప్రతినిధులకు ఫోన్ చేసి అదే అంకె అడుగుతుంటే, పరికరం వచ్చింది గానీ అలవాటు మారలేదు. తర్వాతి సమావేశం అక్కడే మొదలుకావాలి.

మేనేజర్లకు ఒక విన్నపం. నేర్పే గంటలను ఆ అమ్మాయి పనిగంటల్లో కలపండి, ఏడాది చివరి మదింపులో రాయండి. అసలు పని అయ్యాక మిగిలిన సాయంత్రాల్లో నేర్పమంటే, ఆమె రెండో నెలకే తప్పుకుంటుంది.