నక్షత్రం ఎంత దూరం? ఆ లెక్కలో తేడా ఎంత?

1838లో కోనిగ్స్‌బర్గ్ ఖగోళవేత్త ఫ్రీడ్రిక్ బెస్సెల్ ఒక నక్షత్రం దూరాన్ని లెక్కగట్టి ప్రకటించాడు. ఆ నక్షత్రం పేరు 61 సిగ్ని, హంస రాశిలో ఉంటుంది. నిజానికి బెస్సెల్ కొలిచింది దూరాన్ని కాదు, కోణాన్ని. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే దగ్గరి నక్షత్రం వెనకాల ఉన్న నక్షత్రాల మధ్య ఏడాది పొడవునా కాస్త అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది. ఆ జరుగుడులో సగాన్ని పారలాక్స్ అంటారు. బెస్సెల్‌కు వచ్చిన విలువ 0.3136 ఆర్క్‌సెకండ్లు. ఒక డిగ్రీని 3600 భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఆర్క్‌సెకండు. అంటే ఇది ఆ భాగంలో మూడోవంతుకు కూడా రాదు.

పారలాక్స్ తెలిస్తే దూరం తెలిసినట్టే. 1ని ఆ కోణంతో భాగిస్తే దూరం పార్సెక్‌లలో వస్తుంది. ఒక పార్సెక్ సుమారు 3.26 కాంతి సంవత్సరాలు. ఈ లెక్కన 61 సిగ్ని 10.4 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది.

కానీ బెస్సెల్ తన కోణంతో పాటు దానిలో ఉండగల తేడాను కూడా చెప్పాడు: ±0.0202 ఆర్క్‌సెకండ్లు. ఈ తేడా కోణానిది. మరి దూరంలో తేడా ఎంత? కోణాన్ని తిరగేసినట్టు 0.0202ను కూడా తిరగేస్తే అర్థం లేని సంఖ్య వస్తుంది. ఇక్కడే డెల్టా పద్ధతి అక్కరకు వస్తుంది.

దాని ఆధారం టేలర్ శ్రేణి. నునుపైన వంపును ఒక బిందువు దగ్గర బాగా దగ్గరగా చూస్తే దాదాపు సరళరేఖలాగే ఉంటుంది. 1/p అనే వంపును కూడా p = 0.3136 దగ్గర గీతగా అనుకుంటే, కోణంలోని తేడాను ఆ గీత వాలుతో గుణిస్తే చాలు, దూరంలోని తేడా వచ్చేస్తుంది. 1/p వాలు పరిమాణం 1/p². కాబట్టి దూరంలో ప్రామాణిక విచలనం σ/p². అంకెలు వేసి చూస్తే 0.205 పార్సెక్‌లు, అంటే 0.67 కాంతి సంవత్సరం. దీని వర్గమే వేరియన్స్.

సగటు సంగతి వేరు. అక్కడ గీత ఒక్కటే సరిపోదు, వంపును కూడా లెక్కలోకి తీసుకోవాలి. కోణం ఒక σ తగ్గి 0.2934 అయిందనుకుందాం. దూరం 11.12 కాంతి సంవత్సరాలకు పెరుగుతుంది. అదే కోణం ఒక σ పెరిగి 0.3338 అయితే దూరం 9.77కు తగ్గుతుంది. కోణం రెండు వైపులా సమానంగానే కదిలింది, దూరం మాత్రం పైకి 0.72, కిందికి 0.63 కదిలింది. ఈ రెండు దూరాల సగటు 10.40 కాదు, 10.44. టేలర్ శ్రేణిలో రెండో పదం సరిగ్గా ఈ అదనాన్నే పట్టుకుంటుంది:

E[g(X)] ≈ g(μ) + ½ g″(μ) σ²

1/p విషయంలో ఆ అదనం σ²/p³. ఇక్కడ అది 0.04 కాంతి సంవత్సరం. అంటే ఇలాంటి కొలతలు మళ్లీ మళ్లీ చేసి తిరగేస్తూ పోతే సగటు దూరం అసలు దూరం కంటే కొంచెం ఎక్కువగా తేలుతుంది. బెస్సెల్ కొలతకు ఇది పట్టించుకోనక్కర్లేనంత చిన్నది. నేటి కొలతల ప్రకారం 61 సిగ్ని దూరం సుమారు 11.4 కాంతి సంవత్సరాలు. బెస్సెల్ లెక్క దానికి ఒకటిన్నర ప్రామాణిక విచలనాల దూరంలో నిలిచింది. ఆ కాలపు పరికరంతో అంత దగ్గరికి రావడం నిజంగా గొప్ప విషయం.

ఈ పద్ధతిని ఎంతవరకు నమ్మాలో కూడా ఈ సూత్రాలే చెబుతాయి. సగటులో వచ్చిన అదనాన్ని ప్రామాణిక విచలనంతో భాగిస్తే σ/p మిగులుతుంది. బెస్సెల్‌కు అది 6 శాతం చిల్లర, కాబట్టి గీత సరిపోయింది. ఇప్పుడు పారలాక్స్ 0.002, తేడా 0.001 ఉన్న దూరపు నక్షత్రాన్ని తీసుకోండి. డెల్టా పద్ధతి తడబడకుండా 500 పార్సెక్‌లు, ±250 అని చెప్పేస్తుంది. కానీ కోణం ఒక σ తగ్గితేనే దూరం 1000 అవుతుంది, రెండు σలు తగ్గితే కోణం సున్నా అయి దూరం అనంతమవుతుంది. కొలతలోని తేడాలు నార్మల్ పంపిణీని అనుసరిస్తే 1/pకి ఖచ్చితమైన సగటు అనేదే ఉండదు. అయినా సూత్రం మాత్రం ఒక సంఖ్యను చేతికిస్తుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఇది ఊహించి చెబుతున్న ఇబ్బంది కాదు. యూరోపియన్ అంతరిక్ష సంస్థ గాయా ఉపగ్రహం 2018లో విడుదల చేసిన జాబితాలో చాలా నక్షత్రాలకు పారలాక్స్ రుణ సంఖ్యగా ఉంది. అవి పొరపాటున చేరినవి కావు. అసలు కోణం సున్నాకు చాలా దగ్గరగా ఉన్నప్పుడు కొలతలోని తేడా దాన్ని సున్నా కిందికి నెట్టగలదు. వాటిని తిరగేస్తే దూరం కూడా రుణ సంఖ్యే అవుతుంది. పోనీ అలాంటి నక్షత్రాలను పక్కన పడేద్దామంటే, మిగిలినవాటిలో కోణం ఎక్కువగా తేలినవే మిగిలి సగటు ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకే అలాంటి నక్షత్రాలకు ఖగోళవేత్తలు దూరం నుంచి వెనక్కి వస్తారు. ఒక్కో దూరాన్ని ఊహించి, దానికి రావలసిన కోణాన్ని కొలిచిన కోణంతో పోల్చి, ఏ దూరాలకు ఎంత అవకాశం ఉందో చూస్తారు. σ/p చిన్నదిగా ఉన్న దగ్గరి నక్షత్రాలకు మాత్రం నేటికీ σ/p² సరిపోతుంది.