దుడ్లు రావడానికి పిన్ ఎందుకు కొట్టాలి?

పిల్లలూ, ఇది మీరు కూడా చదవండి. చాలా ఇండ్లల్లో అవ్వాతాతల ఫోన్లో యాప్ నడిపేది మీరే కదా.

మీరు రాబర్ట్‌సన్‌పేటలో ఉంటారనుకోండి. పిల్లోడు ఎదిగిపోయినాడని వాడి చిన్న సైకిల్‌ని పాత సామాన్లు అమ్మే యాప్‌లో 1,800 రూపాయలకు పెట్టినారు. అరగంటలో ఫోన్ వస్తుంది. అవతలి మనిషి బేరమే ఆడడు, సైకిల్ చూడాలని కూడా అనడు. "బెంగళూరులో ఉన్నాను, రేపు మనిషిని పంపిస్తాను, దుడ్లు ఇప్పుడే వేస్తాను" అంటాడు. నమ్మకం కోసం ముందు ఐదు రూపాయలు వేస్తాడు. అవి నిజంగానే వస్తాయి. తర్వాత మీ ఫోన్ టింగ్‌మంటుంది. తెరమీద 1,800 అని అంకె, కింద "సైకిల్ డబ్బు అందుకోండి" అని ఒక మాట, దాని కింద Pay, Decline అని రెండు బటన్లు. "నొక్కి పిన్ కొట్టండి సార్, అకౌంట్లో పడుతుంది" అని ఫోన్లో తొందర పెడుతుంటాడు. మీరు కొడతారు. మీ అకౌంట్లోంచి 1,800 పోతుంది.

ఎందుకు పోయిందో తెలియాలంటే బ్యాంకు కౌంటరును గుర్తు చేసుకోండి. మీ ఖాతాలో దుడ్లు కట్టడానికి ఎవరైనా రావచ్చు. ఖాతా నంబరు రాసి చలానా నింపితే చాలు, మీ సంతకం అడగరు. తీయడానికి మాత్రం విత్‌డ్రాయల్ స్లిప్ కావాలి, దానిమీద మీ సంతకం ఉండాలి. యూపీఐ పిన్ అంటే ఆ సంతకమే. ఆ ఐదు రూపాయలు వచ్చినప్పుడు మీరేమైనా పిన్ కొట్టినారా? లేదు. 1,800 వచ్చేదైనా అట్లాగే వచ్చుండేది.

యూపీఐలో దుడ్లు కదలడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఇచ్చేవాడే మొదలుపెట్టి పంపడం. రెండోది, తీసుకునేవాడు మొదలుపెట్టి అడగడం; దీన్నే కలెక్ట్ రిక్వెస్ట్ అంటారు. అంటే ఎవరో మీ పేరుతో విత్‌డ్రాయల్ స్లిప్ నింపి, మొత్తం కూడా వాళ్ళే రాసి, సంతకానికి మీ ముందు పెట్టినట్టు. మీరు పిన్ కొట్టగానే మీ బ్యాంకు పిన్ సరిగ్గా ఉందా, బ్యాలెన్స్ ఉందా అని చూసి మీ ఖాతాలో తీసేస్తుంది, అవతలి బ్యాంకు వాళ్ళ ఖాతాలో వేస్తుంది. అంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది. బ్యాంకు లెక్కలో అది మీరు ఒప్పుకుని ఇచ్చిన డబ్బు. అందుకే వెనక్కి రావడం కష్టం.

అసలు మోసం ఆ "డబ్బు అందుకోండి" అనే మాటలో ఉంది. అది యాప్ రాసింది కాదు, రిక్వెస్ట్ పంపినవాడు తనే టైపు చేసింది. అక్కడ రీఫండ్ అనో, స్కాలర్‌షిప్ అనో ఏమైనా రాయొచ్చు. నమ్మాల్సింది బటన్ మీది మాటను, పిన్ పేజీలో కనబడే పేరును, మొత్తాన్ని. అక్కడ Pay అని ఉంటే మీరు ఇస్తున్నారనే అర్థం. అన్నట్టు, బ్యాలెన్స్ చూసుకోవడానికి కూడా పిన్ అడుగుతుంది, దానికి భయపడొద్దు. దుడ్లు రావడానికి మాత్రం ఎప్పుడూ అడగదు.

ఈ మోసాలు పెరిగినందుకే యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ మొదట మనుషుల మధ్య ఇట్లాంటి రిక్వెస్టుకు 2,000 రూపాయల పరిమితి పెట్టింది. తర్వాత 2025 అక్టోబర్ 1 నుంచి వాటిని పూర్తిగా ఆపేయమని బ్యాంకులకు, యాప్‌లకు చెప్పింది. "అట్లయితే ఇంక భయం లేదు కదా" అంటారేమో. ఆ రూలు మనిషికీ మనిషికీ మధ్య రిక్వెస్టులకే. వ్యాపార సంస్థ పేరుతో వచ్చేవి దానికిందికి రావు. మోసగాళ్ళు వేషం కూడా మార్చినారు: "ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మీకు దుడ్లు వస్తాయి" అంటారు, లేదా ఆటోపే అనుమతి పంపిస్తారు. ఆటోపే ఇంకా చెడ్డది, ఒకసారి ఒప్పుకుంటే ప్రతి నెలా తీసుకోవచ్చు. దారి ఏదైనా చాలాసార్లు చివరికి మీ పిన్ దగ్గరికే రావాలి.

తెలియని రిక్వెస్ట్ వస్తే Decline నొక్కండి. ఏమీ నొక్కకుండా వదిలేసినా నష్టం లేదు, గడువు తీరి అదే పోతుంది. పోన్లెమ్మని అవతలివాడితో వాదన పెట్టుకోవద్దు, ఫోన్ పెట్టేయండి.

ఒకవేళ పిన్ కొట్టేసి ఉంటే, "పొరపాటైంది, ఇంకోటి పంపుతాను, రెండూ కలిపి వాపసు వస్తాయి" అని వాడు మళ్ళీ అంటాడు. రెండోసారి కొట్టకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి, మీ బ్యాంకుకు కూడా చెప్పండి. లావాదేవీ వివరాల్లో ఉండే 12 అంకెల యూపీఐ రెఫరెన్స్ నంబరును, వాడి ఫోన్ నంబరును రాసి పెట్టుకోండి. వాడి మెసేజులు తుడిచేయొద్దు. మోసగాడు ఆ డబ్బును ఇంకో ఖాతాకు మార్చేలోపు ఫిర్యాదు చేరితే దాన్ని అక్కడే ఆపే అవకాశం ఉంటుంది. పిల్లలూ, మీ చేతిమీదుగా పోయినా సరే, తిడతారని సాయంత్రం దాకా దాచిపెట్టకుండా అప్పుడే ఇంట్లో చెప్పండి. పెద్దలు కూడా ముందు 1930కి ఫోన్ చేసి, తిట్లు తర్వాత చూసుకోండి.