నీళ్లు లేకుండానే ట్యాంకు నింపి చూస్తారు

బాలానగర్‌లోనో చర్లపల్లిలోనో ఏ ప్యానెల్ షాపులోకి తొంగిచూసినా ఈ దృశ్యం కనిపిస్తుంది. మనిషెత్తు ఇనుప బీరువా లాంటి కంట్రోల్ ప్యానెల్ తలుపులు తెరిచి ఉంటుంది. దాని ముందు ప్లైవుడ్ చెక్క మీద బిగించిన స్విచ్చులు, చిన్న బల్బులు. పక్కనే స్టూలు మీద చేతిలో పట్టేంత మీటరు ఒకటి. మోటారు లేదు, పైపు లేదు, చుక్క నీరు లేదు. అయినా ఆ ప్యానెల్ తాను ఒక ఊరి ట్యాంకును నింపుతున్నాననే అనుకుంటోంది. అలా నమ్మించడమే అక్కడి పని. దాన్ని ఫ్యాక్టరీ యాక్సెప్టెన్స్ టెస్ట్ అంటారు, వాడుకలో ఫ్యాట్. ప్యానెల్ లారీ ఎక్కకముందే కొనేవారి ఇంజనీరు వచ్చి, తన ఎదుటే ఈ పరీక్ష చేయించుకుంటాడు.

ఓ పంపుహౌస్ ప్యానెల్‌నే తీసుకుందాం. సంపులో నీటిని ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించే పంపులు రెండు. ఒకటి నడుస్తుంటే రెండోది సిద్ధంగా ఉండాలి. ట్యాంకులో నీటి ఎత్తు 4 మీటర్లు. మట్టం 1.5 మీటర్లకు దిగితే పంపు ఆన్ కావాలి, 3.6 మీటర్లకు చేరితే ఆగాలి. ఈ నిర్ణయాలన్నీ ప్యానెల్‌లోని పీఎల్‌సీ అనే చిన్న కంప్యూటర్‌వి.

ముందుగా కరెంటు ఇవ్వకుండా చూసేవి కొన్ని ఉంటాయి. వైరు నంబర్లు డ్రాయింగ్‌తో కలుస్తున్నాయా, లాగితే లగ్గు ఊడి వస్తోందా, తలుపుకు ఎర్త్ వైరు ఉందా అని చూస్తారు. తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూస్తారు. అంతకుముందే పీఎల్‌సీ కార్డుల వైర్లు విడదీయాలి. మరిచిపోతే కార్డులు అక్కడే కాలిపోతాయి. ఇదంతా ఒక పూటలో తేలిపోయే పని.

అసలు ఓపిక కావలసింది ఐఓ చెక్‌కు. ఐఓ అంటే పీఎల్‌సీకి వచ్చే సమాచారం, అది బయటికి పంపే ఆజ్ఞలు. చెక్క మీది స్విచ్చు ఒకరు వేస్తారు, తెర ముందు కూర్చున్నవారు ఏది మారిందో గట్టిగా చదువుతారు, మూడోవారు కాగితం మీద టిక్కు పెడతారు. ఒక్కసారికి ఒక్క స్విచ్చే వేయాలి. తొందరపడి ‘రెండు పంపుల ఓవర్‌లోడూ వేసెయ్’ అన్నారంటే, ఒకటో పంపు వైరు రెండోదానికి, రెండోది ఒకటోదానికి తగిలించి ఉన్నా తెర మీద అంతా సవ్యంగానే ఉంటుంది. కార్డు మీద బల్బు వెలిగితే సరిపోదు. తెర మీద వచ్చిన పేరు కూడా అదే అయి ఉండాలి.

మట్టం సంగతి ఇంకొంచెం తమాషాగా ఉంటుంది. ట్యాంకులోని లెవెల్ ట్రాన్స్‌మిటర్ మట్టాన్ని కరెంటు రూపంలో చెబుతుంది. ట్యాంకు ఖాళీ అయితే 4 మిల్లీ యాంపులు, నిండితే 20. మన ట్యాంకు లెక్కలో మీటరుకు 4 చొప్పున పెరుగుతుంది. స్టూలు మీది మీటరు ఆ ట్రాన్స్‌మిటర్ వేషం వేస్తుంది. 4 ఇచ్చి చూస్తే తెర మీద సున్నా వచ్చింది, బాగానే ఉందని వదిలేశారనుకోండి. ప్రోగ్రాం రాసినతను 4 మీటర్లకు బదులు 5 అని వేసి ఉంటే ఆ తప్పు సున్నా దగ్గర కనపడదు. 12 ఇచ్చినప్పుడు 2 రావలసిన చోట 2.5 వస్తుంది, దొరికిపోతుంది. దొరక్కపోతే? తెర 3.6 చూపించేసరికి ట్యాంకులో నిజంగా ఉండేది 2.88 మీటర్లే. పంపు ఆగిపోతుంది. చివరి వీధికి నీళ్లు ఎందుకు చాలడం లేదో నెలల తరబడి ఎవరికీ అంతుపట్టదు. అందుకే 4, 8, 12, 16, 20 అయిదింటి దగ్గరా ఎక్కుతూ ఒకసారి, దిగుతూ ఒకసారి చూస్తారు.

ఆ మీటరు వైరును పీకేస్తే ఏమవుతుందన్నది అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న. వైరు తెగితే కరెంటు సున్నా అవుతుంది. అమాయకంగా రాసిన ప్రోగ్రాం దాన్ని ‘ట్యాంకు ఖాళీ’ అని అర్థం చేసుకుని వెంటనే పంపు వేస్తుంది. నిండి ఉన్న ట్యాంకు పొర్లుతూనే ఉంటుంది. మట్టం సున్నా అయినా 4 మిల్లీ యాంపులు ఉండేలా పెట్టిందే ఖాళీకీ తెగిన వైరుకూ తేడా తెలియాలని. నామూర్ అనే సంస్థ సిఫారసు ప్రకారం 3.6కు తగ్గినా 21కి మించినా అది మట్టం కాదు, పరికరం చెడిందన్న సంకేతం. అప్పుడు పంపు ఆగి, అలారం మోగాలి. ట్యాంకు పైన రెండో కాపలాగా పెట్టే ఫ్లోట్ స్విచ్చుదీ అదే సూత్రం. అంతా బాగున్నప్పుడు దాని వలయం మూసి ఉండాలి. అప్పుడు ఫ్లోట్ లేచినా, ఎలుక వైరు కొరికినా పంపు ఆగుతుంది.

వైర్లు సరేననుకున్నాక సిమ్యులేషన్. మీటరును నెమ్మదిగా 10కి దించుతారు. మట్టం 1.5 అయింది, ఒకటో పంపు కంటాక్టర్ టక్కున పట్టుకోవాలి. ‘నడుస్తున్నాను’ అన్న సంకేతం వెనక్కి రావాలి. ఇప్పుడు ఇంజనీరు ఆ సంకేతం వైరు లాగేస్తాడు. ముందే ఒప్పుకున్న అయిదు సెకన్లు గడిచాక ప్యానెల్ ఒకటో పంపు చెడిందని ప్రకటించి రెండోది వేయాలి. పంపు నడుస్తుండగా మెయిన్ కట్టేసి మళ్లీ వేస్తారు. రెండు పంపులూ ఒక్కసారే లేవకూడదు.

ఇక్కడో మాయ ఉంది. వైర్లు కలపడం బద్ధకమనిపించి, కొందరు ఆ సంకేతాన్ని ప్రోగ్రాంలోనే పుట్టిస్తారు:

```
IF SIM_ON THEN
  P1_RUN_FB := P1_CMD;
END_IF;
```

అంటే పంపు వేయమన్న ఆజ్ఞనే ‘పంపు నడుస్తోంది’ అన్న జవాబుగా తిప్పి ఇచ్చుకోవడం. మోటార్లు ఇంకా రాని రోజుల్లో ప్రోగ్రాం సరిచూసుకోవడానికి ఇది పనికొస్తుంది. కాదనలేం. కానీ `SIM_ON` ఆన్‌లోనే ఉండి ప్యానెల్ ఊరికి చేరితే, పంపు కాలిపోయి పడి ఉన్నా తెర మీద మాత్రం పచ్చగా తిరుగుతూనే ఉంటుంది. రెండో పంపుకు వంతే రాదు. అందుకే చెక్‌లిస్టు చివర ‘సిమ్యులేషన్, ఫోర్సులు అన్నీ తీసేశాం’ అనే గడి ఉంటుంది. భోజనాల వేళ దాటాక హడావుడిగా సంతకం పడేది సాధారణంగా ఈ గడి మీదే. అలాంటి సంతకానికి విలువ లేదు. ఇంజనీరు తెర ముందు కూర్చుని స్వయంగా చూడాలి.

ఇంతా చేసినా షాపులో తేలనిది ఒకటి మిగులుతుంది. మీటరు పంపే అంకె, ట్యాంకులోని నీరు ఒకటేనా?

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో టామ్ సాక్ అనే జలవిద్యుత్ కేంద్రం ఉంది. రాత్రిపూట నీటిని కొండ మీది జలాశయానికి తోడి, పగలు కిందికి వదిలి కరెంటు తీసేవారు. మట్టం చూసే సెన్సర్ల గొట్టాలు పట్టుకొయ్యల నుంచి ఊడి వంగిపోవడంతో, ఉన్నదానికన్నా తక్కువ మట్టం కనపడసాగింది. ఆపద్ధర్మంగా పంపులు ఆపాల్సిన పై సెన్సర్లేమో గోడ అంచులో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోటుకు పైన ఉన్నాయి. అవి తడవకముందే నీరు గోడ దాటుతుంది. 2005 డిసెంబర్ 14 తెల్లవారుజామున అదే జరిగింది. గట్టు తెగి 400 కోట్ల లీటర్లకు పైగా నీరు అరగంటలోపే కిందికి దూకింది. లోయలో పార్కు అధికారి ఇల్లు కొట్టుకుపోయింది. ఆ కుటుంబం ప్రాణాలతో బయటపడింది.

ఏ ప్యానెల్ షాపులో ఎన్ని స్విచ్చులు వేసినా ఈ లోపం దొరకదు. అందుకే ప్యానెల్ చోటుకు చేరాక కమిషనింగ్ చెక్‌లిస్టు మళ్లీ మొదలవుతుంది. మోటారును పంపు నుంచి విడదీసి, ఒక్క క్షణం కరెంటిచ్చి ఏ వైపు తిరుగుతోందో చూస్తారు. ఒకరు ట్యాంకెక్కి ఫ్లోట్‌ను చేత్తో ఎత్తితే, కింద ఉన్నవారు పంపు ఆగిందని ఫోన్‌లో చెబుతారు. ఫ్లోట్ ఎత్తు, ఓవర్‌ఫ్లో పైపు ఎత్తు టేపుతో కొలిచి రాసుకుంటారు. ఆ తర్వాతే అసలు నీరు ఎక్కిస్తారు. ప్రతి మీటరు దగ్గరా పంపు ఆపి, పైనుంచి కొలిచిన లోతును తెర మీది అంకె పక్కన వేస్తారు. రెండూ కలవకపోతే ప్రోగ్రాం జోలికి పోకుండా ముందు ట్రాన్స్‌మిటర్‌నే బయటికి తీసి చూస్తారు.