ఎర్ట్‌నుస్ అంటే మన వేరుశనగే

జెద్దాలో మా ఆఫీసు మిత్రుడొకరికి వేరుశనగ పడదు. పొరపాటున ఒక్క పలుకు తిన్నా పెదాలు వాచి ఊపిరి ఆడదు. ఇక్కడ హోటల్లో 'ఫూల్ సుదానీ' ఉందా అని అరబీలో అడిగి తింటాడు. ఆయన్ను కంపెనీ పనిమీద ఫ్రాంక్‌ఫర్ట్ పంపుతున్నారని తెలియగానే, అక్కడ అడగడానికి కావలసిన జర్మన్ మాటలు నాలుగు మేమంతా కూర్చుని నేర్చుకున్నాం.

జర్మన్‌లో వేరుశనగను 'ఎర్ట్‌నుస్' అంటారు. ఎర్ట్ అంటే నేల. ఒట్టి 'నుస్' అంటే బాదం, జీడిపప్పు లాంటివే వంటవాడికి తోస్తాయి. యూరప్ చట్టంలో కూడా ఈ రెండూ వేర్వేరు పద్దులు. 2014 డిసెంబరు 13 నుంచి అక్కడి హోటళ్లు 14 రకాల ఎలర్జీ పదార్థాల గురించి తప్పక చెప్పాలి. చాలాచోట్ల మెనూలో వంటకం పేరు పక్కనే చిన్న అక్షరాలు వేస్తారు. ఏ అక్షరానికి ఏది అన్నది హోటల్‌ను బట్టి మారుతుంది కనుక చివరి పేజీలోని పట్టిక చూడాలి. కొన్ని హోటళ్లలో నోటిమాటగానే చెబుతారు. అప్పుడు రాతలో ఉన్నది చూపమని అడగవచ్చు.

మా మిత్రుడు మొదటి రాత్రి బంగాళాదుంప అట్టు అడిగాడు: "ఇష్ హెట్టె గెర్న్ కార్టోఫెల్‌పుఫర్, బిట్టె." వెంటనే, "ఇష్ బిన్ అలెర్గిష్ గేగెన్ ఎర్ట్‌న్యుస్సె" అన్నాడు. నాకు వేరుశనగ ఎలర్జీ అని అర్థం. మెనూలో ఆ అక్షరం లేకపోయినా, అదే నూనెలో ఇంకేమైనా వేయించి ఉంటే? పొరపాటున కలిసే అలాంటి జాడలను మెనూలో రాయాలన్న నిర్బంధం లేదు. అందుకే "క్యొన్నెన్ జీ బిట్టె ఇన్ డేర్ క్యుషె ఫ్రాగెన్?" అని, వంటగదిలో కనుక్కోమన్నాడు. 'జీ' అంటే మన 'మీరు'. ఆ కుర్రాడు లోపలికి వెళ్లి వచ్చి, అదే నూనెలో వేరే వేపుళ్లు కూడా చేస్తామన్నాడు. మావాడు అట్టు మాని చేప తెప్పించుకున్నాడు. కుర్రాడు కనుక్కోకుండానే తలూపి ఉంటే ఆ వంటకం జోలికి పోకూడదు.

అడగనిదే బిల్లు రాదు. "త్సాలెన్, బిట్టె" అంటే డబ్బు కడతామని. "త్సుజామెన్ ఓడర్ గెట్రెన్ట్?" అని అడుగుతారు, అంటే అందరిదీ కలిపా, విడివిడిగానా అని. మావాడికి 17.60 యూరోలయింది. 20 నోటు ఇస్తూ "నాయిన్‌ట్సేన్", అంటే పందొమ్మిది, అన్నాడు. 1 యూరో తిరిగొచ్చింది, మిగిలిన 1.40 కుర్రాడికి టిప్పు. నోటు ఇస్తూ 'డాంకె' అంటే మాత్రం చిల్లర ఉంచుకోమన్నట్టే అనుకుంటారు. థాంక్యూ చిల్లర చేతికి వచ్చాకే చెప్పాలి!